ఒక్క స్టార్ కింద నాలుగు మాటలు

కొత్త హోటల్‌కు వెళ్దామనుకునే మనిషి ఫోన్‌లో ఏమేం చూస్తాడో గమనించండి. ముందు స్టార్లు చూస్తాడు. 4.2 ఉంది, ఫరవాలేదు. తర్వాత ఫోటోలు, మెనూ కార్డు మీద ధరలు. ఆ తర్వాత నేరుగా తిట్లలోకి దిగుతాడు. గూగుల్ మ్యాప్స్‌లో రివ్యూలను Lowest వరసలో పెట్టుకుని చదివేవాళ్లు మీ ఇంట్లోనే ఒకరు ఉండే ఉంటారు. ఐదు స్టార్ల రివ్యూల్లో ఎక్కువ భాగం "సూపర్", "టేస్ట్ అదుర్స్" దగ్గరే ఆగిపోతాయి కాబట్టి వాటివల్ల తెలిసేది తక్కువ. ఒక్క స్టార్ ఇచ్చినవాడు మాత్రం జరిగిందంతా పూసగుచ్చినట్టు చెబుతాడు. చదివేవాడికి కావాల్సిందీ అదే. ఈ హోటల్లో తేడా వస్తే ఎలాంటి తేడా వస్తుంది? వచ్చినప్పుడు వీళ్లేం చేస్తారు?

ఆ రెండో ప్రశ్నకు జవాబు రివ్యూ కిందే, Response from the owner అన్న చోట దొరుకుతుంది. కొన్నిచోట్ల అది ఖాళీగా ఉంటుంది. కొన్నిచోట్ల "మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు" అని ఉంటుంది, అదీ ఖాళీతో సమానమే.

హోటళ్ల తరఫున ఆ జవాబులు రాయడం నా పనిలో ఒక భాగం. ఈ పనికి పిలిచిన ప్రతి యజమానీ మొదట అడిగేది ఒకటే: "ఆ కస్టమర్‌ను ఎలా కూల్ చేద్దాం సార్?" ఆయన చల్లబడితే మంచిదే. జవాబు పెట్టగానే గూగుల్ ఆయనకు కబురు పంపుతుంది, చదివి రివ్యూ మార్చుకునేవాళ్లూ లేకపోలేదు. కానీ ఆయన ఒక్కడు. వచ్చే ఏడాదంతా ఆ రివ్యూ దగ్గర ఆగి, రాత్రి భోజనానికి ఇక్కడికి రావాలా పక్క హోటల్‌కు వెళ్లాలా అని తేల్చుకునేవాళ్లు వందల్లో ఉంటారు. జవాబు పైకి ఆయన్ను ఉద్దేశించే ఉంటుంది. వినాల్సినవాళ్లు మాత్రం వెనక నిలబడి ఉన్నవాళ్లు. ఈ సంగతి తలకెక్కితే ఏం రాయాలో, ఏం వదిలేయాలో సగం తేలిపోతుంది.

ఒక ఉదాహరణ మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. హైదరాబాద్‌లో ఒక ఫ్యామిలీ రెస్టారెంట్. మటన్ దమ్ బిర్యానీకి పేరు. ఒక సోమవారం పొద్దున ఈ రివ్యూ కనిపించింది, ఒక్క స్టార్‌తో:

"నిన్న ఆరుగురం వెళ్లాం. టేబుల్ కోసమే అరగంట నిలబెట్టారు. బిర్యానీ రావడానికి ఇంకో గంట. తీరా వచ్చాక రెండు ప్లేట్లు చల్లగా ఉన్నాయి, మిగతావాటిలో మటన్ ఉడకలేదు. అడిగితే వెయిటర్ 'సండే కదా సార్, ఇంతే' అన్నాడు. పైగా బిల్లులో చెప్పకుండా 5 శాతం సర్వీస్ ఛార్జ్. మళ్లీ జన్మలో రాము."

యజమాని అప్పటికే ఒక జవాబు రాసిపెట్టుకున్నాడు. పోస్ట్ చేసే ముందు నాకు వాట్సాప్‌లో పంపాడు, అదే అదృష్టం.

"సార్, మేము 18 ఏళ్లుగా ఈ ఫీల్డులో ఉన్నాం. ఆ రోజు 400 మంది తిన్నారు, ఒక్కరు కూడా కంప్లైంట్ చేయలేదు. అప్పుడే తీసిన హండీలో బిర్యానీ చల్లగా ఎలా ఉంటుంది? మీరు ప్లేట్లు ఖాళీ చేసి, బిల్లు కట్టి వెళ్లారు. మేము సర్వీస్ ఛార్జ్ తీసుకోము, బిల్లు చదవడం నేర్చుకోండి. ఇలాంటి ఫేక్ రివ్యూలు ఎవరు రాయిస్తున్నారో మాకు తెలుసు."

ఇందులో కోపం ఉంది, కానీ కొన్ని నిజాలూ ఉన్నాయి. ఆ హోటల్లో నిజంగానే సర్వీస్ ఛార్జ్ లేదు. అప్పుడే తీసిన హండీ చల్లగా ఉండదు, అదీ నిజమే. చిక్కేమిటంటే, ఇది చదివే మూడో మనిషి యజమాని వైపు నిలబడడు. నిలబడాలనుకున్నా నిలబడలేడు. ఎందుకంటే తను ఆ హోటల్‌కు వెళ్తే కూర్చునేది కస్టమర్ కుర్చీలో. రేపు నా ప్లేటులో ముక్క ఉడక్కపోతే నాకూ ఇదే జవాబన్నమాట అనుకుంటాడు. మొదటి రివ్యూ పోగొట్టింది బిర్యానీ మీద నమ్మకాన్ని. ఈ జవాబు పోయివుంటే మనుషుల మీదున్న నమ్మకం కూడా పోయేది.

దీనికి పెద్ద ఉదాహరణ అమెరికాలో జరిగింది. అరిజోనా రాష్ట్రంలోని స్కాట్స్‌డేల్‌లో ఏమీస్ బేకింగ్ కంపెనీ అనే చిన్న రెస్టారెంట్ ఉండేది. 2013 మే నెలలో గోర్డన్ రామ్సే టీవీ కార్యక్రమంలో అది కనిపించాక విమర్శలు వెల్లువెత్తాయి. ఆ హోటల్ ఫేస్‌బుక్ పేజీ నుంచి విమర్శించినవాళ్ల మీద తిట్ల వర్షం కురిసింది. తర్వాత యజమానులు మా ఖాతాను ఎవరో హ్యాక్ చేశారన్నారు. జనం నమ్మలేదు. అక్కడి వంట ఎలా ఉండేదో ఎంతమందికి గుర్తుందో గాని, ఆ తిట్లు మాత్రం ఇప్పటికీ గుర్తే.

మన హోటల్‌కు వద్దాం. జవాబు రాయడానికి ముందు చేయాల్సిన పని వంటింట్లో ఉంది. రాసేవాళ్లలో చాలామంది ఇదే దాటేస్తారు. ఏం జరిగిందో తెలియకుండా రాస్తే "అసౌకర్యానికి చింతిస్తున్నాం" తప్ప ఇంకేమీ రాయలేం. తెలిస్తే రాయడానికి బోలెడు ఉంటుంది.

మేం చూసినవి మూడు. ఒకటి కేఓటీ. ఆర్డర్ వంటింటికి వెళ్లేటప్పుడు వచ్చే చీటీ అది, దాని మీద టైముంటుంది. ఆరుగురి టేబుల్, ఆదివారం మధ్యాహ్నం అంటే బిల్లింగ్ సిస్టమ్‌లో వెతకడం కష్టం కాలేదు. ఆర్డర్ 1:52కు వెళ్లింది. రెండు, సీసీ కెమెరా. ప్లేట్లు టేబుల్ మీదికి వచ్చింది 2:40కి. అంటే 48 నిమిషాలు. మూడు, బిర్యానీ మాస్టర్. ఈయన్ను అడగడంలోనే నేర్పు ఉంది. "నిన్న మటన్ ఎందుకు ఉడకలేదు?" అంటే ఎవరైనా "ఉడికింది సార్" అనే అంటారు. "రెండో హండీ ఎన్నింటికి పొయ్యి ఎక్కింది?" అని అడిగాం.

అప్పుడు కథంతా బయటికొచ్చింది. వాళ్లది కచ్చీ బిర్యానీ. మసాలా పట్టించిన పచ్చి మాంసం అడుగున వేసి, సగం ఉడికిన బియ్యం పైన పరిచి, మూత అంచుకు పిండి పెట్టి దమ్ చేస్తారు. వాళ్ల పెద్ద హండీకి, మటన్ అయితే, గంటన్నర పడుతుంది. మొదటి హండీ పదకొండుకు ఎక్కి పన్నెండున్నరకు దిగింది. రెండోది పన్నెండుంపావుకు ఎక్కాలి. ఆ ఆదివారం మాంసం ఆలస్యంగా రావడంతో 1:15కు ఎక్కింది. రెండు దాటేసరికి మొదటి హండీ అడుగంటింది, బయట జనం, లోపల కేకలు. తట్టుకోలేక రెండో హండీని రెండున్నరకే, అంటే పావుగంట ముందే తీసేశారు. పైన అన్నం పొడిపొడిగా చక్కగా ఉంది. అడుగున ఎముక దగ్గర ముక్క మాత్రం ఇంకా గట్టిగానే ఉంది.

మరి చల్లగా ఉన్న ప్లేట్లు? యజమాని పట్టుకున్న పాయింటు అదే కదా. కెమెరాలో చూస్తే రెండు ప్లేట్లు మొదటి హండీ అడుగు నుంచి ముందే తీసి కౌంటర్ మీద పెట్టారు. మిగతా నాలుగు వచ్చేదాకా అవి అక్కడే ఉన్నాయి. ఆరుగురికీ ఒకేసారి వడ్డిద్దామన్న మంచి ఉద్దేశంతోనే. కస్టమర్ రాసినదాంట్లో రెండు చల్లగా, నాలుగు ఉడకనివీ ఎలా కలిసి ఉంటాయని మనకు అనుమానం వచ్చింది. ఆయన మాత్రం ఉన్నదున్నట్టే రాశాడు. అబద్ధమని తోచిన రివ్యూల్లో ఇలాంటివి తరచూ తగులుతుంటాయి. అందుకే వంటింటి సంగతి తేలకుండా "ఎలా సాధ్యం?" అన్న మాట జవాబులో వాడనివ్వను.

ఇక బిల్లు. ఆయన చూసిన 5 శాతం జీఎస్టీ. సీజీఎస్టీ రెండున్నర, ఎస్జీఎస్టీ రెండున్నర అని రెండు వరసల్లో పడుతుంది. ఇంగ్లిష్ పొడి అక్షరాల్లో, మాసిన ప్రింటులో అది ఏమిటో తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆయన రాసినవాటిలో వాస్తవానికి తేడా ఉన్నది ఇదొక్కటే.

మంగళవారం పొద్దున పెట్టిన జవాబు ఇది:

"నమస్కారం అండీ. ఆదివారం మీకు మటన్ ఉడకకుండా వచ్చింది నిజమే, తప్పు మాది. మొదటి హండీ అయిపోవస్తుంటే రెండోది పూర్తిగా దమ్ కాకముందే తీశాం. ముందుగా తీసిన రెండు ప్లేట్లు కౌంటర్ మీద ఆగిపోయి చల్లారాయి. అంతసేపు ఆగినవాళ్లకు అలా పెట్టినందుకు, పైగా మీరు అడిగినప్పుడు వచ్చిన సమాధానానికి క్షమించండి. ఈ ఆదివారం నుంచి రెండో మటన్ హండీ పన్నెండుంపావుకల్లా పొయ్యి మీద ఉంటుంది. దమ్ కాకపోతే ఎంతసేపు పడుతుందో ఆర్డర్ తీసుకునేటప్పుడే చెబుతాం, తొందరపడి తీయం. బిల్లులోని 5 శాతం జీఎస్టీ అండీ. మా దగ్గర సర్వీస్ ఛార్జ్ లేదు. బిల్లులో ఆ వరస స్పష్టంగా కనబడేలా మార్పిస్తున్నాం." కింద మేనేజర్ పేరు.

ఇందులో కొన్ని చోట్ల మేం తర్జనభర్జన పడ్డాం. ముందు మొదటి వాక్యం గురించి. ఫోన్‌లో జవాబు మొత్తం కనిపించదు. మొదటి రెండు మూడు వరసలు చూపించి మిగతాది మడతపెడతారు, నొక్కితేనే తెరుచుకుంటుంది. నొక్కేవాళ్లు కొందరే. అలాంటప్పుడు ఆ రెండు వరసల్ని "మా రెస్టారెంట్‌ను సందర్శించి మీ అమూల్యమైన సమయం వెచ్చించి" అంటూ ఖర్చుపెట్టేస్తే, వెళ్లిపోయే పాఠకుడి చేతిలో ఏమీ పెట్టనట్టే. ఒప్పుకోలు ముందే రావాలి. "మటన్ ఉడకకుండా వచ్చింది నిజమే" అని కస్టమర్ వాడిన మాటనే వాడాం. "మీకు కలిగిన అనుభవం" అని చుట్టూ తిప్పితే, తప్పు పేరు పలకడానికి కూడా ఇష్టం లేదని చదివేవాళ్లకు తెలిసిపోతుంది.

కస్టమర్ గంట అన్నాడు, మా లెక్క 48 నిమిషాలు. యజమాని ఆ 48ని జవాబులో పెట్టాలన్నాడు. నేను వద్దన్నాను. ఆకలితో ఆరుగురిని కూర్చోబెట్టినవాడికి 48 గంటే. పన్నెండు నిమిషాల కోసం వాదిస్తే మిగతా ఒప్పుకోలంతా లెక్కల తగాదాలా కనబడుతుంది. జీఎస్టీ విషయం మాత్రం దిద్దకుండా వదలలేదు. రెండిటికీ తేడా ఏమిటంటే, నిమిషాల తేడా కొత్తగా వచ్చేవాడి నిర్ణయాన్ని మార్చదు. సర్వీస్ ఛార్జ్ అన్న మాట మారుస్తుంది.

ఆ మాటకు అంత బరువు ఉండటానికి కారణముంది. బిల్లులో దానంతటదే సర్వీస్ ఛార్జ్ వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది. హోటళ్ల సంఘాలు కోర్టుకెక్కాయి. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. ఈ వార్త చదివినవాడు రివ్యూలో ఆ మాట చూస్తే "వీళ్లు దోచేరకం" అని ముద్ర వేసుకుంటాడు. అందుకే రెండు పొడి వాక్యాల్లో, ఎత్తిపొడుపు లేకుండా దిద్దాం. "మా బిల్లు అర్థమయ్యేలా లేదు" అన్న నింద మనమే మోశాం కాబట్టి, దిద్దినట్టే ఉండదు. నిజంగానే సర్వీస్ ఛార్జ్ వేస్తున్న హోటలైతే జవాబు వెతుక్కోనక్కర్లేదు, బిల్లింగ్ సిస్టమ్‌లో ఆ వరస తీసేయాలి. తీసేశామని రాయాలి.

టేబుల్ కోసం అరగంట నిలబెట్టారన్న ఫిర్యాదుకు జవాబే ఇవ్వలేదు. రివ్యూలో ఉన్న ప్రతి ముక్కకూ సమాధానం చెప్పబోతే జవాబు చార్జిషీటుకు రాసిన రిప్లై అయిపోతుంది. ఆదివారం మధ్యాహ్నం పేరున్న బిర్యానీ హోటల్లో అరగంట ఆగాల్సి వస్తుందని హైదరాబాద్‌లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. నిజం చెప్పాలంటే అది చదివేవాళ్లకు హోటల్ మీద కాస్త గౌరవం కూడా పెంచుతుంది. దాన్ని కదపకపోవడమే మేలు.

వెయిటర్ సంగతి ఇంకా సున్నితం. "అతన్ని పనిలోంచి తీసేశాం" అని రాయించుకునే యజమానులు ఉన్నారు. కస్టమర్ సంతోషిస్తాడని వాళ్ల నమ్మకం. చదివేవాళ్లకు మాత్రం ప్రాణం చివుక్కుమంటుంది. హండీ ఆలస్యంగా ఎక్కించింది ఎవరు, ఉద్యోగం పోయింది ఎవరికి? పన్నెండు గంటలు నిలబడి పనిచేసే కుర్రాడు నోరు జారితే, ఆ మాట హోటల్ అన్నట్టే లెక్క. అందుకే "మీరు అడిగినప్పుడు వచ్చిన సమాధానానికి క్షమించండి" అని, వేలు ఎవరి వైపూ చూపకుండా రాశాం.

ఉచిత బిర్యానీ ఆఫర్ చేయలేదు, గమనించారా? మళ్లీ వస్తే ప్లేటు ఫ్రీ అని అందరి ముందూ రాస్తే, ఇక్కడ అరిస్తే బిర్యానీ వస్తుందని పాఠం చెప్పినట్టు. రివ్యూ మార్చినా తీసేసినా డిస్కౌంటు ఇస్తామనడం గూగుల్ నిబంధనలకే విరుద్ధం. కస్టమర్‌కు నష్టపరిహారం ఇవ్వాలనిపిస్తే రివ్యూతో ముడిపెట్టకుండా ఇవ్వాలి. అదీ ఆయన ఫోన్ చేసినప్పుడు, ఆయనతోనే మాట్లాడుకుని.

కేఓటీలు, కెమెరాలు చూస్తాం కాబట్టి మన దగ్గర చాలా వివరాలు పోగవుతాయి. వాటిని జవాబులో గుమ్మరించకూడదు. ఒక బార్ అండ్ రెస్టారెంట్‌లో, కూర ఉప్పగా ఉందన్న కస్టమర్‌కు మేనేజర్ "అప్పటికే మూడు బీర్లు తాగిన మీకు రుచి ఎలా తెలుస్తుంది" అని జవాబు పెట్టాడు. ఆ కస్టమర్ తన అసలు పేరుతో, ఫోటోతో రాసిన రివ్యూ అది. వాళ్ల అత్తగారు కూడా చదవొచ్చు. కస్టమర్ తనంతట తాను రాసినదాన్ని దాటి ఆయన గురించి ఒక్క ముక్క కూడా బయటపెట్టకూడదు. ఎవరితో వచ్చాడు, ఏం తాగాడు, పార్సిల్ ఏ అడ్రసుకు వెళ్లింది, ఇవేవీ లోకానికి చెప్పే హక్కు హోటల్‌కు లేదు. అది చూసిన మిగతా కస్టమర్లు, రేపు తమ గుట్టు కూడా ఇలాగే బయటపెడతారని జంకుతారు.

అన్ని ఫిర్యాదులూ ఉడకని మటన్ అంత తేలిక కాదు. "ఇక్కడ తిని ఇంటిల్లిపాదీ వాంతులు చేసుకున్నాం" అని వస్తే యజమాని చేతులు వణుకుతాయి. వెంటనే రాసేది "ఆ రోజు ఇంకెవరికీ ఏం కాలేదు" అని. అది నిజమే కావచ్చు. ఆఖరున తిన్నదే కారణం కానక్కర్లేదన్నదీ నిజమే. సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా తిన్న ఆరు గంటల నుంచి ఆరు రోజుల మధ్య ఎప్పుడైనా లక్షణాలు చూపించవచ్చు. అయినా వాంతులతో పడివున్న మనిషికి ఆ పాఠం చెప్పే చోటు ఇది కాదు. అవునని ఒప్పుకోవడమూ కుదరదు, ఎందుకంటే మనకు తెలియదు. రాయగలిగింది చేసిన పనులే. ఇప్పుడు ఆరోగ్యం ఎలా ఉందో ముందు అడగాలి. ఏ రోజు, ఏయే వంటకాలో తెలిస్తే ఆ రోజు సరుకు, ఫ్రిజ్ టెంపరేచర్ రాసుకునే పుస్తకం తిరగేస్తామని, డాక్టర్ చీటీ ఉంటే చూస్తామని, ఎవరికి ఫోన్ చేయాలో పేరు, నంబరుతో సహా చెప్పాలి. తర్వాత నిజంగా తిరగేసి, ఏం కనబడిందో అదే జవాబులో చేర్చాలి. ఒకసారి పెట్టిన జవాబును మార్చుకునే వీలుంది.

వివరం ఉంటే ఒక్క వాక్యం చాలు. పచ్చి గుడ్లతో చేసే మయొనీస్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివర్లో ఏడాదిపాటు నిషేధించింది. ఆ రోజుల్లో షవర్మా గురించి వచ్చే ప్రతి రివ్యూలో ఆ అనుమానమే. "మా మయొనీస్‌లో గుడ్డు లేదు, కంపెనీ ప్యాకెట్ వాడతాం, అడిగితే చూపిస్తాం" అన్న ఒక్క మాట, శుభ్రత గురించి రాసే పది వాక్యాల పెట్టు. నిజమైతేనే అనుకోండి. ఎవరో ఒకరు వచ్చి ప్యాకెట్ చూపించమంటారు.

దొంగ రివ్యూలు లేవని కాదు. ఎదురుగా కొత్త హోటల్ తెరిచిన వారంలోనే మాటల్లేని ఒంటి స్టార్లు వరసగా పడటం నేనూ చూశాను. అవి నిబంధనలకు విరుద్ధమైతే గూగుల్‌కు రిపోర్ట్ చేయొచ్చు. అక్కడ నడవని నాణెం ఒకటుంది: "ఆయన చెప్పింది నిజం కాదు" అన్న వాదన. వ్యాపారికీ కస్టమర్‌కూ మధ్య ఏది నిజమో గూగుల్ తేల్చదు. స్పామ్, బూతులు, పోటీదారు రాసినవి, ఇలాంటివే తీస్తుంది. అది తేలేదాకా కింద ఉండాల్సిన జవాబు చాలా చిన్నది: "మీరు రాసిన వివరాలతో ఆ రోజు బిల్లు ఏదీ మాకు కనబడలేదండీ. బిల్లు నంబరో, వచ్చిన టైమో చెబితే మళ్లీ వెతుకుతాం." మరి జవాబు రాకపోతే? రాకపోవడమే చదివేవాళ్లకు జవాబు. ఫేక్ అని మనం ఆరోపించిన మరుక్షణం ఆ లాభం పోతుంది, ఎందుకంటే ఆ మాట దొరికిపోయిన ప్రతి హోటలూ అంటుంది.

కొందరు ఇంకో దారి చూస్తారు. బంధువుల చేత, స్టాఫ్ చేత యాభై ఐదు స్టార్లు వేయించి తిట్లను కిందకు నెట్టేద్దామని. ఇది గూగుల్ దగ్గరా తప్పే. ఆన్‌లైన్ రివ్యూల గురించి భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో తెచ్చిన ఐఎస్ 19000 ప్రమాణం కూడా కొన్న రివ్యూలను ఒప్పుకోదు. పైగా పని జరగదు. చదివేవాడు Lowest నొక్కుతాడని మొదట్లోనే అనుకున్నాం కదా.

జవాబులు రాస్తే నిజంగా ఫలితం ఉంటుందా అని అడిగేవాళ్లకు ఒక పరిశోధన చెబుతాను. హోటళ్లంటే అక్కడ బస చేసే హోటళ్లు, అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలోవి. డేవిడ్ ప్రొసెర్పియో, జార్జియోస్ జెర్వాస్ అనే ఇద్దరు పరిశోధకులు ట్రిప్ అడ్వైజర్ రివ్యూలను పరిశీలించి 2017లో ఫలితాలు ప్రచురించారు. జవాబులివ్వడం మొదలుపెట్టాక ఆ హోటళ్లకు రివ్యూలు 12 శాతం పెరిగాయి, సగటు రేటింగ్ 0.12 స్టారు పెరిగింది. పెరుగుదల చిన్నదే. నాకు ఆసక్తి కలిగించింది దానికి వాళ్లు చెప్పిన కారణం. మేనేజర్ చదివి జవాబిస్తాడని తెలిసిన చోట తేలిగ్గా ఒక తిట్టు పడేసి పోయేవాళ్లు తగ్గారు. నిజంగా బాధపడ్డవాళ్లు రాశారు, అదీ మునుపటికంటే పొడుగ్గా, వివరంగా. అంటే జవాబు ఇవ్వడం మొదలుపెట్టిన హోటల్‌కు తిట్లు తగ్గొచ్చుగాని, వచ్చేవి గట్టిగా వస్తాయి. దానికి సిద్ధపడాలి.

అన్నిటికంటే ఎక్కువ దెబ్బతీసేది ఇంకొకటి, కాపీ పేస్టు. ఒక జవాబును విడిగా చదివితే ముచ్చటగానే ఉంటుంది. చదివేవాడు మాత్రం వరసగా పది చదువుతాడు. పది తిట్ల కిందా "మా టీమ్ దీన్ని సీరియస్‌గా తీసుకుంది, త్వరలోనే మెరుగుపరుస్తాం" అనే ఒకే పేరా కనిపిస్తే, జవాబే లేకపోవడం నయమనిపిస్తుంది. ఇంకా ప్రమాదం, ఇచ్చిన మాట తప్పడం. మార్చిలో "రెండో హండీ ముందే ఎక్కిస్తున్నాం" అని రాసి, మేలో మళ్లీ ఉడకని మటన్ రివ్యూ వస్తే, మార్చి జవాబే సాక్ష్యమై మన మెడకు చుట్టుకుంటుంది. అందుకని నేను రాసే ప్రతి హోటల్లో ఒక నోటుబుక్ పెట్టిస్తాను. రివ్యూ తేదీ, మనం ఇచ్చిన మాట, దాన్ని చూసుకోవాల్సిన మనిషి పేరు. మేనేజర్ నెలకోసారి అది తిరగేస్తాడు. చేయలేని మాట అందులోకి ఎక్కదు, ఎక్కనిది జవాబులోకి రాదు. "ఇంకెప్పుడూ ఇలా జరగదు" అన్న వాక్యాన్ని నేను ఎక్కడా రాయను. ఆదివారం జనాన్ని చూసినవాళ్లెవరూ ఆ మాట ఇవ్వలేరు.

భాష గురించి ఒక మాట. రివ్యూ తెలుగులో ఉంటే తెలుగులో, ఇంగ్లిష్‌లో ఉంటే ఇంగ్లిష్‌లో జవాబివ్వడం మర్యాద. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసినవాళ్లకు అదే తీరులో రాసినా తప్పులేదు. తెలుగు రానివాళ్లు దాన్ని గూగుల్ అనువాదంలో చదువుతారు కాబట్టి సామెతలు, చమత్కారాలు జవాబుల్లో దూర్చకపోతేనే మంచిది. నవ్వించబోతే అవతలి భాషలో ఏమవుతుందో చెప్పలేం. వెటకారమైతే ఏ భాషలోనూ పనికిరాదు.

స్విగ్గీ, జొమాటో ఆర్డర్ల తిట్లలో సగం డెలివరీ గురించే ఉంటాయి. సాంబారు ఒలికిందనో, ఆలస్యమైందనో. "అది డెలివరీ బాయ్ తప్పు, మాకు సంబంధం లేదు" అని రాయడం సులువు. తినేవాడికి మాత్రం ఆ పొట్లం మీద కనిపించేది హోటల్ పేరే. మూత మన చేతిలో ఉంది, దాని గురించి రాయొచ్చు. రోడ్డు మన చేతిలో లేదు, దాని గురించి రాయకపోవడం మంచిది.

మటన్ రివ్యూ రాసినాయన నాకు తెలిసినంతవరకు మళ్లీ రాలేదు, రేటింగ్ కూడా మార్చలేదు. ఒక్క స్టార్ అలాగే ఉంది, దాని కింద మా జవాబూ ఉంది. కొన్ని వారాల తర్వాత అదే హోటల్‌కు మూడు స్టార్లతో ఇంకో రివ్యూ పడింది. "కింద రాసినట్టే 25 నిమిషాలు పడుతుందని ముందే చెప్పారు, చెప్పిన టైముకే వచ్చింది. ముక్క మెత్తగా ఉంది. రైతా మాత్రం నీళ్లు." యజమాని ఫోన్ చేశాడు. "రైతాకు ఏం రాద్దాం సార్?"

"ముందు వంటింట్లోకెళ్లి ఒక గిన్నెడు తాగి చూడండి, తర్వాత చెప్పండి" అన్నాను. అరగంటకు మళ్లీ ఫోన్. ఆదివారాలు జనం పెరిగేకొద్దీ పెరుగు సరిపోక నీళ్లు కలుపుతున్నారట. ఆదివారానికి పెరుగు ఆర్డర్ పెంచాలన్నది నోటుబుక్‌లో కొత్త వరసగా ఎక్కింది. జవాబు ఆ సాయంత్రం పెట్టాం.